విధికి రెండర్థాలు: మూడు మతాల మూల గ్రంథాలను పక్కపక్కన చదవడం ఎలా

ఖుర్ఆన్ 81వ అధ్యాయం రెండు చిన్న వాక్యాలతో ముగుస్తుంది. మొదటిది, సన్మార్గాన నడవాలని కోరుకునే వారికి ఈ గ్రంథం ఒక హితబోధ అంటుంది. రెండోది, దేవుడు కోరితే తప్ప మీరు కోరుకోనైనా కోరుకోలేరు అంటుంది. బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో 12, 13 వచనాలూ ఇలాగే జంటగా ఉంటాయి. భయభక్తులతో మీ రక్షణ కోసం మీరే పాటుపడండి అని ఒకటి చెబితే, మీలో ఆ కోరికనూ ఆ పనినీ కలిగించేది దేవుడే అని రెండోది చెబుతుంది. భగవద్గీత 18వ అధ్యాయంలో 61వ శ్లోకం ప్రకారం ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లా జీవులను తిప్పుతున్నాడు. రెండు శ్లోకాలు దాటేసరికి అదే కృష్ణుడు అర్జునుడితో, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు.

దైవ నిర్ణయం, మానవ సంకల్పం అన్న అంశంపై సెమినార్‌కు సిద్ధమయ్యేవారు ముందుగా చదవవలసింది ఈ మూడు జంటలనే. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు భాషల్లో పుట్టిన మూడు గ్రంథాలూ రెండు పరస్పర విరుద్ధ వాక్యాలను ఇంత దగ్గరగా పెట్టి, నడుమ ఏ వివరణా ఇవ్వకుండా వదిలేశాయి. ఆ ఖాళీని పూరించే పని వ్యాఖ్యాతల మీద పడింది. ఎవరు దేనితో పూరించారన్నదే అసలు పాఠం.

తెలుగులో చదివేవారికి ఇక్కడ ఒక చిక్కు, దాని వెంటే ఒక సదుపాయం ఉన్నాయి. మూడు మతాల మాటలనూ మనం సులువుగా ‘విధి’ అనో ‘తలరాత’ అనో అనువదించుకుంటాం. అరబ్బీ ‘ఖదర్’ అంటే కొలత, కొలిచి నిర్ణయించడం. క్రైస్తవుల ‘ముందుగా నిర్ణయించుట’ ప్రధానంగా ఎవరికి రక్షణ దొరుకుతుందన్న విషయానికి చెందింది. హిందూ గ్రంథాల్లోని ‘దైవం’ చాలాచోట్ల పూర్వకర్మకు మరో పేరు. మూడింటికీ ఒకే మాట వాడితే మూడు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. ఇక సదుపాయం సంగతి. సంస్కృతం నుంచి వచ్చిన ‘విధి’కి తప్పించుకోలేని రాత అనే అర్థమే కాదు, శాస్త్రం పెట్టిన ఆజ్ఞ అనే అర్థం కూడా ఉంది. విధినిషేధాలు అన్నప్పుడు పలికేది రెండో అర్థమే. మొదటి అర్థంలో అంతా విధే అయితే, రెండో అర్థంలో విధికి పనేముంది? జరగబోయేది ఎలాగూ జరుగుతుంటే ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పడం దేనికి? మూడు సంప్రదాయాల వ్యాఖ్యాతలూ చివరికి తగులుకున్నది ఈ ముడికే.

ఇస్లాంలో మొదట చదవవలసింది సిద్ధాంత గ్రంథం కాదు, ఒక ప్రయాణ వృత్తాంతం. బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ అది ఉంది. ఖలీఫా ఉమర్ సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి సేనాధిపతులు ఎదురొచ్చి, అక్కడ ప్లేగు పుట్టిందని చెప్పారు. ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా? మక్కా నుంచి వలస వచ్చిన సహచరులను అడిగితే రెండు అభిప్రాయాలు వచ్చాయి. మదీనా వారిని అడిగినా అంతే. చివరికి ఖురైషు పెద్దలంతా ఒక్కమాటగా వెనక్కి వెళ్లమన్నారు. తెల్లవారి తిరుగు ప్రయాణం అని ఉమర్ ప్రకటించగానే అబూ ఉబైదా అడ్డు తగిలాడు: దేవుడి నిర్ణయం నుంచి పారిపోతున్నావా? ఈ మాట నువ్వు కాక ఇంకెవరైనా అని ఉంటే బాగుండేదని నొచ్చుకుంటూనే, అవును, దేవుడి ఒక నిర్ణయం నుంచి ఆయన మరో నిర్ణయంలోకే వెళుతున్నామని ఉమర్ బదులిచ్చాడు. ఆ తర్వాత చెప్పిన పోలిక ఒంటెల కాపరులెవరికైనా తెలిసిందే. లోయకు ఒక గట్టున పచ్చిక ఉంది, రెండో గట్టు బీడు. ఒంటెలను పచ్చికలో మేపినా దేవుడి నిర్ణయంతోనే మేపుతావు, బీడులో మేపినా ఆయన నిర్ణయంతోనే. అంతలో అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊళ్లో ప్లేగు పుడితే దానికి భయపడి విడిచిపోవద్దని ప్రవక్త చెప్పగా తాను విన్నానన్నాడు. ఉమర్ దేవుణ్ణి స్తుతించి వెనుదిరిగాడు. సిరియాలోనే ఉండిపోయిన అబూ ఉబైదా అదే ప్లేగులో మరణించాడు. ఆ మహమ్మారికి అమ్వాస్ ప్లేగు అని పేరు. కాలం క్రీ.శ. 639 ప్రాంతం.

ఉమర్ జవాబులో గమనించవలసింది ఒకటుంది. దైవ నిర్ణయాన్ని ఆయన ఒక సంఘటన మీద ముద్ర వేసినట్టు చూడలేదు. వెనక్కి తిరగాలన్న ఆలోచన, సంప్రదింపులు, భిన్నాభిప్రాయాలు అన్నీ ఆ నిర్ణయంలోనివే. అందుకే నిర్ణయం ఉందన్న నమ్మకం ఆయన్ను చేతులు కట్టుకుని కూర్చోబెట్టలేదు. అయితే ఇది ఆచరణకు సరిపోయే జవాబు మాత్రమే. తప్పు చేసినవాడి విషయంలో ఇదే జవాబు చెల్లుతుందా? పచ్చిక వదిలి బీడులో మేపిన కాపరి, అదీ దేవుడి నిర్ణయమే కదా అంటే యజమాని ఊరుకుంటాడా? ఆ ప్రశ్న తర్వాతి తరాలను వదల్లేదు. ఉమయ్యద్ పాలకులు తమ అధికారం దేవుడు రాసిపెట్టిందేనని చెప్పుకున్నప్పుడు అది రాజకీయ ప్రశ్న కూడా అయింది. మనిషి పనులు మనిషివేనని వాదించినవారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ వాదులకు చరిత్రలో ‘ఖదరియ్యా’ అని పేరు. కొత్తగా చదివేవారు సాధారణంగా పప్పులో కాలేసేది ఇక్కడే. పేరు చూసి వీరు ఖదర్‌ను నమ్మేవారనుకుంటారు. నిజానికి మనిషి పనుల విషయంలో దాన్ని కాదన్నవారు వీరు. ప్రత్యర్థులు పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. అంతా దేవుడి బలవంతమేనన్న వారు ‘జబ్రియ్యా’. ఖదరియ్యా వాదాన్ని తర్కబద్ధంగా పెంచినవారు ముతజిలాలు. దేవుడు న్యాయమూర్తి, చేయించి శిక్షించేవాడు న్యాయమూర్తి కాలేడు, కాబట్టి మనిషి తన పనులకు తానే కర్త అన్నది వారి వాదన సారం.

ముతజిలాల శిబిరంలోనే పెరిగి బయటకు వచ్చినవాడు అబుల్ హసన్ అల్ అష్అరీ. ఆయన 10వ శతాబ్దం పూర్వార్ధంలో మరణించాడు. మనిషిని తన పనులకు సృష్టికర్త అంటే దేవుడికి మరో సృష్టికర్తను జత చేసినట్టేనని ఆయన అభ్యంతరం. వణుకు రోగంతో కదిలే చెయ్యి, కలం అందుకోవడానికి కదిలే చెయ్యి ఒకటి కావని ఎవరికైనా అనుభవంలో తెలుసు. రెండు కదలికలనూ దేవుడే సృష్టిస్తాడు. అయితే రెండోదానితో పాటు, ఆ క్షణానికే, మనిషిలో ఒక శక్తిని కూడా సృష్టిస్తాడు. ఆ శక్తితో మనిషి ఆ పనిని ‘సంపాదించుకుంటాడు’. దీని పేరు ‘కస్బ్’. సంపాదన అని అర్థం. కష్టపడి సంపాదించిన సొమ్ము మీద లెక్క అడిగినట్టు సంపాదించుకున్న పని మీదా లెక్క అడుగుతారు. ఇంతకీ ఆ శక్తి కదలికను కలిగించదంటే మరి చేస్తున్నదేమిటి? విమర్శకులు పట్టుకున్నది ఆ లొసుగునే. అంతుపట్టనంత సూక్ష్మమైన విషయాన్ని అష్అరీ కస్బ్ కన్నా సూక్ష్మం అని వెక్కిరించడం అరబ్బీలో నానుడిగా మారింది. వెక్కిరింతను పక్కనపెట్టి చూస్తే, అష్అరీ అనుభవంలో ఉన్న తేడాను వదలకుండా దేవుడి ఏకైక కర్తృత్వాన్ని కాపాడబోయాడు. రెంటినీ ఒకే వాక్యంలో పట్టడానికి ఆయనకు ఆ ఒక్క మాటే దొరికింది.

క్రైస్తవ పాఠానికి వస్తే చేతిలో ఉండవలసింది నిర్గమకాండం. ఈజిప్టు రాజు ఫరో ఇశ్రాయేలీయులను వెళ్లనివ్వడు. పది తెగుళ్లు వస్తాయి. పెన్సిలు పట్టుకుని, ఫరో హృదయం కఠినమైందన్న మాట వచ్చిన ప్రతిచోటా కర్త ఎవరో గుర్తు పెట్టుకుంటూ పోతే కథ కొత్తగా కనిపిస్తుంది. 4వ అధ్యాయంలో, ఇంకా ఏదీ మొదలుకాకముందే, నేను అతని హృదయాన్ని కఠినపరుస్తానని దేవుడు మోషేతో అంటాడు. కానీ మొదటి ఐదు తెగుళ్లలో ఒకచోట ఫరోయే తన గుండెను బిగించుకుంటాడు, మరోచోట గుండె బిగిసిందని మాత్రమే ఉంటుంది. ఆరో తెగులు, అంటే బొబ్బల దగ్గర, మొదటిసారి దేవుడు కఠినపరిచాడని వస్తుంది. అక్కడితో లెక్క తేలిపోయిందనుకుంటే, వడగండ్ల తర్వాత మళ్లీ ఫరోయే కఠినపరుచుకుంటాడు. ఆ వెంటనే 10వ అధ్యాయం మొదట్లో, కఠినపరిచింది నేనేనని దేవుడంటాడు. మొదట మనిషి బిగించుకున్నాడు, తర్వాత దేవుడు దాన్ని శిక్షగా స్థిరపరిచాడు అన్న చక్కని సమాధానం చాలామంది చెబుతారు. కథ ఆ సమాధానానికి చాలావరకు లొంగుతుంది కానీ పూర్తిగా లొంగదు. 4వ అధ్యాయం అడ్డంగా నిలబడుతుంది.

అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయంలో ఈ ఫరోనే తీసుకుని, అలాగైతే దేవుడు తప్పెలా పడతాడు అన్న ప్రశ్నను తానే వేసి, కుమ్మరినీ మట్టినీ చూపిస్తాడు. కుమ్మరిని ప్రశ్నించే హక్కు కుండకు ఉందా అంటాడు. ఆ జవాబుతో తృప్తి చెందనివారిలో మొదట చెప్పుకోవలసినవాడు అలెగ్జాండ్రియాకు చెందిన ఒరిజెన్. ఆయనది 3వ శతాబ్దం. ఒకే వాన రెండు చేల మీద కురుస్తుంది. దున్నిన చేను పంటనిస్తుంది, వదిలేసిన చేను ముళ్లనిస్తుంది. ముళ్లు పెంచింది వానే అనవచ్చు, కానీ తప్పు వానది కాదు. ఒకే ఎండ మైనాన్ని కరిగిస్తుంది, బురదను గట్టిపరుస్తుంది. ఫరో విషయంలో దేవుడు చేసిందీ అంతేనని ఒరిజెన్ వివరణ. మరి చేలలో ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? ఈ జన్మకు ముందే ఆత్మలు ఉన్నాయని, అప్పటి ఎంపికల వల్లే వాటి స్థితులు వేరయ్యాయని ఆయన సూచించాడు. ఆత్మల పూర్వాస్తిత్వాన్ని తర్వాతి కాలంలో చర్చి తోసిపుచ్చింది. దాంతో ఆ దారి మూసుకుపోయింది. ఈ వానను గుర్తుంచుకోవాలి. వేదాంతంలో మళ్లీ కురుస్తుంది.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ 396 ప్రాంతంలో సింప్లిషియన్ అడిగిన ప్రశ్నలకు జవాబు రాస్తూ ఇదే 9వ అధ్యాయంతో కుస్తీ పట్టాడు. మనిషి స్వేచ్ఛను నిలబెట్టాలనే తాను పాటుపడ్డానని, చివరికి దేవుడి కృపే గెలిచిందని ముసలితనంలో తన రచనలను సమీక్షిస్తూ ఆయనే ఒప్పుకున్నాడు. ఆదాము పతనంతో మానవజాతి అంతా ఒకే పాపపు ముద్ద అయింది. అందులోంచి దేవుడు కొందరిని తీస్తాడు, మిగిలినవారిని వదిలేస్తాడు. కఠినపరచడం అంటే చెడును పెట్టడం కాదు, కరుణ చూపకపోవడం. మనిషి తన ప్రయత్నంతో పాపం లేకుండా బతకగలడన్న పెలేజియస్ బోధను 418లో కార్తేజ్ సభ ఖండించింది. 529లో ఆరెంజ్ సభ కృప ముందుంటేనే మనిషి దేవుడి వైపు కదలగలడని ఒప్పుకుంటూనే, దేవుడు కొందరిని చెడుకు నిర్ణయించాడనడాన్ని గట్టిగా కాదంది. 1524లో ఎరాస్మస్, 1525లో లూథర్ ఒకరికొకరు జవాబిచ్చుకున్నప్పుడు ఫరో మళ్లీ వేదికెక్కాడు. మొండి గొడ్డలితో నరికే వడ్రంగి పోలిక లూథర్‌ది. కదిలించేది వడ్రంగి చెయ్యి, నరుకుడు వంకరగా పోవడం గొడ్డలి లోపం. కాల్విన్ ఇంకో అడుగు వేసి, రక్షణకూ నాశనానికీ కూడా దేవుడి నిర్ణయమే మూలం అన్నాడు. లూథర్ అనుయాయులు అక్కడిదాకా వెళ్లలేదు. 1577 నాటి వారి విశ్వాస పత్రం నాశనానికి నిర్ణయం అనే మాటను ఒప్పుకోదు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లోని లూథరన్ సంఘాలు ఈ రెండో ధోరణికి వారసులు. ప్రొటెస్టెంట్లంతా ఒకే మాట అంటారనుకునే పాఠకుడు ఈ తేడాను పట్టించుకోడు.

హిందూ పాఠానికి బ్రహ్మసూత్రాల 2వ అధ్యాయంలో రెండు చోట్లు చాలు. మొదటి పాదం 34వ సూత్రం ఎదుర్కొనే ఆక్షేపణ సూటిగా ఉంటుంది. లోకంలో ఒకడు సుఖపడుతున్నాడు, ఒకడు ఏడుస్తున్నాడు. ఈశ్వరుడే సృష్టికర్త అయితే ఆయనకు పక్షపాతమో నిర్దయో ఉన్నట్టే కదా. లేదు, ఆయన జీవుల కర్మను చూసి సృష్టిస్తాడు అని సమాధానం. శంకరుల భాష్యంలో వాన కురిసేది ఇక్కడే. వరికీ యవలకూ వర్షం సమాన కారణం, ఏ గింజ ఏ మొక్క అవుతుందన్నది గింజలోని శక్తిని బట్టి. ఒరిజెన్‌ను నిలదీసిన ప్రశ్నే ఇక్కడా ఎదురవుతుంది: మొట్టమొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? తర్వాతి సూత్రం, మొట్టమొదటిది అంటూ లేదు, సంసారం అనాది అంటుంది. గింజ నుంచి మొక్క, మొక్క నుంచి గింజ. క్రైస్తవ మతానికి ఆది ఉంది కాబట్టి మూసుకుపోయిన దారి, వేదాంతానికి ఆది లేదు కాబట్టి తెరిచి ఉంది. ఇది ప్రశ్నకు జవాబా, లేక ప్రశ్నను ఎప్పటికీ అందనంత దూరం నెట్టడమా అన్నది సెమినార్‌లో తప్పక తేల్చుకోవలసిన విషయం. ఎన్ని జన్మలు వెనక్కి వెళ్లినా ప్రతి జన్మలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎంచుకుని ఉండాలి కదా. ఆ ఎంపిక మాత్రం ఎవరిది?

అందుకే రెండో చోటు చదవాలి. మూడో పాదంలో జీవుడు కర్త అని ముందు స్థాపిస్తారు. కాకపోతే శాస్త్రం పెట్టే విధినిషేధాలు వ్యర్థమవుతాయన్నది కారణం. విధికి రెండర్థాల ముడి సూత్రకారుడి నోటనే బయటపడటం ఇక్కడ చూడవచ్చు. ఆ వెంటనే, ఈ కర్తృత్వం కూడా పరమాత్మ నుంచే అంటారు. దానికి ఆధారాల్లో ఒకటి కౌషీతకి ఉపనిషత్తు 3వ అధ్యాయంలోని వాక్యం. తాను ఎవరిని పైకి తీసుకుపోదలిస్తే వారిచేత మంచి పని చేయిస్తాడు, ఎవరిని కిందికి దించదలిస్తే వారిచేత చెడ్డపని చేయిస్తాడు అన్నది దాని భావం. ఫరో కథ కన్నా ఇది మెత్తనిదేమీ కాదు. హిందూ ఆలోచనలో కర్మే తప్ప దైవ నిర్ణయం లేదనేవారు ఈ వాక్యాన్ని చదివి ఉండరు.

దీనికి రామానుజులు శ్రీభాష్యంలో ఇచ్చిన పోలిక న్యాయస్థానంలో వాదనలా ఉంటుంది. ఒక ఆస్తికి ఇద్దరు ఉమ్మడి హక్కుదారులు. ఒకడు దాన్ని మూడోవాడికి ఇవ్వాలనుకుంటే రెండోవాడి అనుమతి లేకుండా కుదరదు. అనుమతి దొరికింది, ఇచ్చాడు. ఇవ్వాలన్న తలంపు మొదటివాడిది కాబట్టి ఆ దాన ఫలం అతనిదే. అలాగే ప్రతి పనిలోనూ జీవుడి మొదటి ప్రయత్నాన్ని చూసి లోపలున్న పరమాత్మ అనుమతిస్తాడు, అప్పుడే పని సాగుతుంది. అష్అరీ కస్బ్ పక్కన దీన్ని పెట్టి చూడాలి. అష్అరీ దగ్గర శక్తీ పనీ ఒకే క్షణంలో దేవుడి నుంచి వస్తాయి, మనిషికి దక్కేది సంపాదన అనే సంబంధం. రామానుజుల దగ్గర మొదటి కదలిక మనిషికి మిగులుతుంది, పని నెరవేరడానికి మాత్రం అనుమతి కావాలి. ఆ మొదటి కదలిక ఎంత చిన్నదైనా బాధ్యత బరువంతా దానిమీదే నిలబడింది. అయితే అనుమతించగలిగినవాడు ఆపనూ గలడు కదా, చెడ్డపనికి ఎందుకు అనుమతించాడు అని అడిగితే ఉమ్మడి ఆస్తి పోలిక కొంత తడబడుతుంది.

రామానుజుల తర్వాత శ్రీవైష్ణవుల్లో వచ్చిన చీలిక క్రైస్తవుల కృపావాదానికి నిజంగా దగ్గరైనది. తల్లిని కోతిపిల్ల తానే పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. వడగలైవారిది మర్కటకిశోర న్యాయం, తెంగలైవారిది మార్జాలకిశోర న్యాయం. పెలేజియస్‌ను ఇక్కడ ఎవరితోనూ పోల్చకూడదు. కోతిపిల్ల కూడా తల్లి లేకుండా చెట్టు దాటదు. తేడా అంతా శరణాగతిలో జీవుడి పట్టు లెక్కకు వస్తుందా రాదా అన్నదానిలోనే ఉంది.

చివరగా మధ్వాచార్యులు. జీవులు స్వభావం చేతనే మూడు తరగతులని, ముక్తికి తగినవారు, ఎప్పటికీ సంసారంలో తిరిగేవారు, అంధతమస్సుకు పోయేవారు ఉంటారని ఆయన సిద్ధాంతం. హిందూ ఆలోచనలో ఇంత కఠినమైన విభజన అరుదు. తులనాత్మక వ్యాసాలు మధ్వులను వెంటనే కాల్విన్ పక్కన కూర్చోబెడతాయి. ఫలితం వరకు చూస్తే పోలిక కుదురుతుంది. మూలం దగ్గర కుదరదు. కాల్విన్ దేవుడు మనిషిని శూన్యంలోంచి సృష్టించి, అతని గతినీ తానే నిర్ణయిస్తాడు. మధ్వుల విష్ణువు జీవుణ్ణి సృష్టించలేదు, అతని స్వభావాన్నీ సృష్టించలేదు. జీవుడూ స్వభావమూ అనాది. విష్ణువు చేసేది ఆ స్వభావం బయటపడేలా నడపడం మాత్రమే. కుమ్మరి ఉన్నాడు కానీ మట్టి ఆయన చేసింది కాదు. కాబట్టి నన్ను ఇలా ఎందుకు చేశావని కుండ అడిగితే, కాల్విన్ దగ్గర ఆ ప్రశ్నకు నోరుమూయించే జవాబు ఉంది. మధ్వుల దగ్గర ఆ ప్రశ్నను వినవలసినవాడే లేడు.